11తో గుణకారం: సగం సంఖ్యల దగ్గరే ఆగిపోతున్న చిట్కా

పిల్లల కోసం నిమిషం నిడివిలో వచ్చే లెక్కల షార్టులలో 11తో గుణించే చిట్కా చెప్పని ఛానెల్ దాదాపు ఉండదు. తెర మీద 23 × 11 అని వేస్తారు, 2నూ 3నూ అటొకటి ఇటొకటి జరుపుతారు, రెండూ కలిపిన 5ను మధ్యలో దించుతారు, 253 అని మెరిపిస్తారు. వెంటనే 45 వస్తుంది, 495 అవుతుంది. ఆ తరవాత 52 వస్తుంది, 572 అవుతుంది. ఇదంతా అరనిమిషంలో ముగిసిపోతుంది, చూసిన పిల్లవాడికి చిట్కా వచ్చేసిందన్న నమ్మకం కుదురుతుంది. ఆ మూడు జవాబులలో ఏ తప్పూ లేదు. నా అభ్యంతరం ఉదాహరణల ఎంపిక మీద, తెర మీద అంకెలను కదిపే తీరు మీద.

రెండంకెల సంఖ్యలు 10 నుంచి 99 దాకా 90 ఉన్నాయి. వాటిలో రెండు అంకెల మొత్తం 9 దాటనివాటికి మాత్రమే ‘అటూ ఇటూ జరిపి మధ్యలో వేయడం’ ఉన్నదున్నట్టుగా పనిచేస్తుంది. 9 దాటేవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. పదుల అంకె 1 అయితే 19 ఒక్కటే. 2 అయితే 28, 29 రెండు. 3 అయితే 37, 38, 39 మూడు. ఇలా పెరుగుతూ పోయి పదుల అంకె 9 అయినప్పుడు 91 నుంచి 99 దాకా తొమ్మిదీ వస్తాయి. ఒకటి నుంచి తొమ్మిది వరకు కలిపితే 45. అంటే 90లో సరిగ్గా సగం. చాలా వీడియోలలో చివరి మూడు సెకన్లలో ‘మొత్తం పది దాటితే ఒకటి ముందుకు కలపాలి’ అని గబగబా చెప్పి వదిలేసే ‘ప్రత్యేక సందర్భం’ నిజానికి ప్రత్యేకమేమీ కాదు, సగం లెక్కలు అవే. 23, 45, 52 అన్నవి మిగతా సగంలోంచి ఏరుకున్న ఉదాహరణలు.

నేను పర్లాకిమిడిలో సాయంత్రంపూట నాలుగు నుంచి ఏడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన ఈ ఊరికి అవతలే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు, ఫోనులో మూడూ కలిసిన పిల్లలు మావాళ్లు. బడిలో చెప్పకపోయినా 11 చిట్కా వాళ్లలో చాలామందికి ముందే తెలుసు, ఎందుకంటే ఫోనులో చూశారు. అందుకే ఆ చిట్కా మీద నేనూ ఒక షార్టు చేయాలనుకున్నప్పుడు ముందుగా వాళ్లకు 64 × 11 ఇచ్చి పలకల మీద ఏం రాస్తారో చూశాను. సరైన జవాబు 704 కొందరు రాశారు. మిగతావాళ్లు రాసినవి నాలుగు రకాలు: 6104, 604, 614, 506. ఒక పిల్ల మాత్రం ఏమీ రాయకుండా పలక పట్టుకుని లేచి, “మాస్టారూ, మద్దిన పది వచ్చీసింది, ఏటి రాయాల?” అని అడిగింది. ఆ వీడియోలు దాటేసిన ప్రశ్న సరిగ్గా అదే.

ఈ నాలుగు తప్పులూ నాలుగు వేరువేరు కారణాల వల్ల వచ్చినవి. 6104 రాసినవాడు 6కూ 4కూ మధ్య ఉన్నది ఒక ఖాళీ అనుకున్నాడు, ఆ ఖాళీలో 10ని మొత్తంగా పెట్టాడు. వీడియోలో చూసింది అదే కాబట్టి చూసినదాన్ని నమ్మకంగా అమలు చేశాడనే చెప్పాలి. 604 రాసినవాడికి ఒక చోట ఒక అంకె మాత్రమే పడుతుందని తెలుసు, కాని 0 వేసి, చేతిలోకి తీసుకున్న 1ని ముందుకు ఇవ్వడం మరిచాడు. 614 రాసినవాడు తిరగేశాడు: 10లో 1ని వేసి 0ని పనికిరానిదిగా వదిలేశాడు, సున్నా అంటే ఏమీ లేదు కదా అన్నాడు కూడా. 506 మాత్రం వేరే దారిలో వచ్చింది. అది 46 × 11కు సరైన జవాబు. ఆ పిల్లవాడు చిట్కాను తప్పు లేకుండా చేశాడు, చేతిలో 1ని కూడా సరిగ్గా కలిపాడు, కాని మొదలుపెట్టిన సంఖ్యే వేరు.

అది ఎలా జరిగిందో ఇక్కడి వాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. లెక్కను నేను పైకి చెప్పాను, పిల్లలు విని రాసుకున్నారు. తెలుగులో ‘అరవై నాలుగు’ అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరవాత వినిపిస్తాయి, రాతలోనూ అదే వరుస. ఒడియాలో 64ను చఉషఠి అంటారు. భువనేశ్వర్ దగ్గర హీరాపూర్‌లో ఉన్న చౌషఠి యోగినుల గుడి పేరులో ఉన్నదీ ఆ సంఖ్యే. అందులో నాలుగు ముందు వినిపిస్తుంది, అరవై తరవాత. పెద్దవాళ్లకు ఇది ఇబ్బందే కాదు, మాటను ఒక్క ముక్కగా పట్టుకుంటారు. రెండు వరుసల మధ్య పొద్దస్తమానం తిరిగే నాలుగో తరగతి పిల్లవాడు మాత్రం వేగంగా విన్నప్పుడు ఏ అంకె చెవిన ముందు పడితే దాన్ని ముందు రాసేస్తాడు. షార్టులో గొంతు ఒక భాషలో పరుగెడుతూ, తెర మీద అంకెలు అర సెకను ఆలస్యంగా కదులుతూ ఉంటే ఈ తడబాటు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఇక్కడి పిల్లల కోసం చేసే వీడియోలో సంఖ్యను ముందు తెర మీద నిలిపి, ఆ తరవాతే గొంతు వినిపించాలి; అదీ ‘ఆరు పదులు, నాలుగు ఒకట్లు’ అని అంకె అంకెనూ వేలితో చూపినట్టు.

ఇక అసలు విషయం, తెర మీద ఏం కనిపించాలి అన్నది. అంకెలను అటూ ఇటూ జరపడాన్ని నేను పూర్తిగా మానేశాను. 6 ఎడమకు జరగడం అంటే ఏమిటో ఆ బొమ్మ చెప్పదు. 64లో 6 అరవై, 704కు దారితీసే లెక్కలో అదే 6 ఆరువందలు. అరవై ఆరువందలు ఎందుకయింది? 11లో ఒక పది ఉంది కాబట్టి. ఈ కారణం చూపకుండా అంకెను జరిపితే అది గారడీలో చీటీ జరిపినట్టే ఉంటుంది, పిల్లవాడు చేతివాటాన్ని గుర్తుపెట్టుకుంటాడు, లెక్కను కాదు. కారణం చూపడానికి కొత్త బొమ్మ కూడా అక్కర్లేదు, బడిలో వాళ్లు రోజూ రాసే గుణకారమే చాలు:

```
   64
 × 11
 ----
   64
  640
 ----
  704
```

మొదటి వరుస 64 ఒకసారి, రెండో వరుస 64 పదిసార్లు. బడిలో రెండో వరుస ఒకట్ల చోట చాలామంది × గుర్తు పెడతారు, నేను వీడియోలో ఆ చోట 0 వేస్తాను, ఎందుకంటే అది గుర్తు కాదు, 640లో నిజంగా ఉన్న సున్నా. ఇప్పుడు ఈ రెండు వరుసలను నిలువుగా చూడండి. ఒకట్ల నిలువులో 4 ఒంటరిగా ఉంది. పదుల నిలువులో 6 కింద 4 ఉంది. వందల నిలువులో 6 ఒంటరిగా ఉంది. చిట్కా అంతా ఇంతే: చివరి అంకెలు రెండూ ఒంటరివి కాబట్టి అలాగే దిగుతాయి, మధ్యలో రెండూ కలుస్తాయి. చిట్కా వల్ల తప్పేది మధ్య రెండు వరుసలు రాసే శ్రమ మాత్రమే. ఆ రెండు వరుసలను ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లవాడికి, మధ్యలో ఉన్నది ఖాళీ కాదని, పదుల స్థానమని, అక్కడ 10 వస్తే ఏం చేయాలో రెండో తరగతి కూడికలోనే నేర్చుకున్నానని వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే అడుగులు కుడి నుంచి ఎడమకు వెళ్లాలని నేను పట్టుబడతాను. ఎడమ నుంచి మొదలుపెట్టి ‘ముందు 6, చివర 4, మధ్యలో మొత్తం’ అని చెప్పే వీడియోలో, మధ్య మొత్తం 9 దాటగానే ముందే రాసేసిన 6ని చెరిపి 7 చేయాల్సి వస్తుంది. రాసినదాన్ని చెరపడం పిల్లలకు ఇష్టం ఉండదు, తప్పు చేసినట్టు అనిపిస్తుంది; నా అంచనాలో 604 రాసినవాళ్లు చాలామంది అక్కడే పడ్డారు. నాజీ నిర్బంధ శిబిరంలో ఉండగా వేగగణిత పద్ధతిని కూర్చుకున్న ఇంజనీరు జాకో ట్రాక్టెన్‌బర్గ్ కూడా 11 నియమాన్ని కుడి నుంచే నడిపాడు: చివరి అంకెను దించు, ఆపైన ప్రతి అంకెకూ దాని కుడిపక్క అంకెను కలుపు, మొదటి అంకెను చివరగా దించు. ఈ మాటలలో ‘మధ్య’ అన్నదే రాదు. అందువల్ల ఎన్ని అంకెల సంఖ్యకైనా అదే వాక్యం సరిపోతుంది.

64 × 11 అడుగులు తెర మీద ఇలా వస్తాయి. ముందు ప్రశ్న ఒక్కటే నాలుగు సెకన్లు ఉంటుంది, కావాలనే ఏమీ కదలదు. తరవాత రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి, వాటి మీద నిలువులకు 100, 10, 1 అన్న పేర్లు. ఒడియా బడి పిల్లలు ఈ స్థానాలను ఏకక, దశక, శతక అని నేర్చుకుంటారు, మా ఇళ్లలో ఒకట్లు, పదులు, వందలు అంటాం, ఇంగ్లీషు మాధ్యమం వాళ్లకు మళ్లీ వేరే పేర్లు. 100, 10, 1 అని అంకెలలో వేస్తే అందరికీ ఒకటే. ఒడియా మాధ్యమంలో చిన్న తరగతుల పుస్తకాలలో అంకెలు కూడా ఒడియా అంకెలే, అయినా నోటు మీదా ఫోను మీదా చూసే అంకెలు ఆ పిల్లలకు కొత్తవి కావు కాబట్టి తెర మీద వాటినే ఉంచాను. ఈ రెండు వరుసలకు పన్నెండు సెకన్లు ఇచ్చాను. అప్పుడు ఒకట్ల నిలువు వెలుగుతుంది, 4 దిగుతుంది, నాలుగు సెకన్లు చాలు. పదుల నిలువుకు మాత్రం పద్నాలుగు సెకన్లు తీసుకున్నాను. 6 + 4 అని పక్కన వస్తుంది, = గుర్తు తరవాత మూడు సెకన్లు ఖాళీగా ఉంటుంది, పిల్లవాడు ‘పది’ అని తనంతట తాను అనుకోవడానికి. అప్పుడు 10 వస్తుంది, ఆ 10లోని 0 పదుల నిలువులో కిందికి దిగుతుంది, 1 వందల నిలువు పైకి ఎక్కి చిన్న అక్షరంలో నిలుస్తుంది. ఆ క్షణంలో రెండు అంకెలూ ఒకేసారి కదలకూడదు. ముందు 0, అది కుదురుకున్నాక 1.

```
  1
   64
+ 640
-----
   04
```

ఈ చట్రాన్ని చూసి నా పరిచయస్థుడైన ఎడిటర్ కుర్రాడు, ‘04 అని అసంపూర్తిగా ఉంటే చూడ్డానికి బాగోదండీ, ఒకేసారి 704 వేసేద్దాం’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అడుగడుగూ చూపుతామని చెప్పుకునే వీడియోకు ఉన్న ఏకైక యోగ్యత ఈ అసంపూర్తి చట్రమే. జవాబు సగంలో ఉన్నప్పుడు తెర ఎలా ఉంటుందో, పిల్లవాడి నోటుబుక్కు కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. తను ఎక్కడ ఆగిపోయాడో అక్కడి బొమ్మ తెర మీద దొరకాలి. ఆ తరవాత వందల నిలువు: 6 + 1, దిగేది 7, ఆరు సెకన్లు. పాత అడుగులేవీ చెరగవు. వీడియోను ఏ సెకనులో ఆపినా, తెర మీద ఉన్న ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెర మీదే తెలియాలన్నది నేను పెట్టుకున్న పరీక్ష. గొంతు ఆపేసి చూసినా తెలియాలన్నది రెండో పరీక్ష, ఎందుకంటే పిల్లలు పెద్దవాళ్ల ఫోనును రాత్రిపూట చప్పుడు లేకుండానే ఎక్కువగా చూస్తారు. అంకెను అదే చోట ఇంకో అంకెగా మార్చేసే వీడియోలు ఈ రెండు పరీక్షలలోనూ తప్పుతాయి.

చిన్న విషయంలా కనిపించే తెర కొలత కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. షార్టు నిలువు తెర, 9:16. దాని కుడి అంచున లైకు, షేరు బొత్తాలు నిలువుగా ఉంటాయి, అడుగున ఛానెల్ పేరు, శీర్షిక ఉంటాయి. లెక్కను అలవాటు ప్రకారం కుడి అంచుకు సర్ది, జవాబును అడుగున వేస్తే, పని మొదలవ్వాల్సిన ఒకట్ల నిలువు బొత్తాల కిందికీ, జవాబు శీర్షిక కిందికీ వెళ్లిపోతాయి. ఎడిట్ చేసేటప్పుడు ఇవేవీ కనిపించవు, ఫోనులో పెట్టి చూసినప్పుడే బయటపడతాయి. అందుకని మొత్తం లెక్కను తెర మధ్యకు కొంచెం ఎడమగా, పై మూడింట రెండు వంతులలోనే ఉంచాను. రంగులలో 6కు నారింజ, 4కు నీలం ఇచ్చాను, రెండు వరుసలలోనూ ఏ అంకెకు ఆ రంగే. ఎరుపు, ఆకుపచ్చ జంటను వాడలేదు, ఆ రెండింటి మధ్య తేడా పట్టలేని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఉంటారు.

704 వచ్చాక చాలా వీడియోలు చప్పట్లతో ముగుస్తాయి. నేను మరో పన్నెండు సెకన్లు సరిచూడటానికి ఉంచాను, ఆ వీడియోలో అన్నిటికంటే ఉపయోగపడేది అదేనని నా నమ్మకం. 64ను 10తో గుణిస్తే 640. 11తో గుణించాం కాబట్టి జవాబు అంతకంటే ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ? ఇంకొక 64, అంటే వందకు తక్కువే. కాబట్టి జవాబు 640కీ 740కీ మధ్య ఉండి తీరాలి. తెర మీద ఒక్క వరుస వేస్తే చాలు:

```
640 < 704 < 740
```

ఇప్పుడు పలకల మీది నాలుగు తప్పులనూ దీని ముందు పెట్టండి. 6104 ఆ హద్దు దాటి ఎక్కడో ఉంది. 604, 614, 506 మూడూ 640కి చేరనే లేదు. ఇది 64కు మాత్రమే కుదిరిన అదృష్టం కాదు. రెండంకెల సంఖ్య దేనికైనా జవాబు దాని పదిరెట్లకూ, దానికి వంద కలిపినదానికీ మధ్యనే ఉంటుంది. చేతిలో 1ని మరిచిపోతే జవాబు వంద తగ్గుతుంది, రెండుసార్లు కలిపితే వంద పెరుగుతుంది, రెండు సందర్భాలలోనూ హద్దు బయట పడుతుంది. అంకెలు తారుమారైతే తేడా కనీసం 99 ఉంటుంది, అదీ బయటే పడుతుంది. నాలుగో తరగతి పిల్లవాడు నోటితో చేయగల ఒక్క పోలికతో ఇన్ని రకాల తప్పులు దొరకడం మామూలు సంగతి కాదు.

దొరకనిది ఒకటుంది. 6 + 4 ను 11 అని కలిపి 714 రాస్తే అది 640, 740 మధ్యనే ఉంటుంది, ఏ అనుమానమూ రాదు. దానికి వేరే పరీక్ష కావాలి: మూడంకెల జవాబులో రెండు కొసల అంకెలూ కలిపి మధ్య అంకెను తీసేస్తే 0 గాని 11 గాని రావాలి, అప్పుడే ఆ సంఖ్య 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 704లో 7 + 4 లోంచి 0 తీసేస్తే 11, సరే. 714లో 11 లోంచి 1 తీసేస్తే 10, కాదు. తమాషా ఏమిటంటే 506 ఈ పరీక్షలో నెగ్గుతుంది, అదీ 11 గుణిజమే కదా. అంటే రెండు పరీక్షలూ ఒకదాని లోటును ఒకటి పూరిస్తాయి. అయినా రెండోదాన్ని షార్టులో పెట్టలేదు. భాజనీయతా సూత్రాలు చదివే పై తరగతి వాళ్లకు దాన్ని తరగతిలో చెబుతాను. నిమిషంలో ఒక లెక్క, ఒక సరిచూత, అంతకు మించి పెడితే రెండూ నిలవవు.

పాతపట్నంలో చాలాకాలంగా లెక్కలు చెబుతున్న ఒక మాస్టారు నా వీడియో చూసి అన్నమాట ఇక్కడ రాయాలి, ఎందుకంటే దానిలో పసలేకపోలేదు. “మొదటి లెక్కే చేతిలో ఒకటి ఉన్నది ఇస్తే పిల్లలు బెదిరిపోతారండీ. ముందు 23 చూపించి సంతోషపెట్టండి, మోసుకెళ్లే లెక్క రెండో వీడియోలో పెట్టండి” అన్నారు. తరగతిలో అయితే నేనూ అలాగే చేస్తాను. తరగతిలో రేపు కూడా ఆ పిల్లలే వస్తారు, నిన్న ఆపినచోటి నుంచి మొదలుపెట్టవచ్చు. షార్టు సంగతి వేరు. మొదటి భాగం చూసినవాడికి రెండో భాగం కనిపిస్తుందన్న హామీ లేదు. వేలితో పైకి తోస్తే వచ్చేది ఏ క్రికెట్టు ముక్కో, ఏ పెళ్లి డాన్సో. మొదటి భాగంలో 23 ఒక్కటే ఉంటే, ఆ పిల్లవాడి దగ్గర మిగిలేది సగం సంఖ్యలకు తప్పు జవాబిచ్చే నియమం. ఎక్కడ పనిచేయదో తెలియకుండా మిగిలిన నియమం కంటే అసలు నియమమే తెలియకపోవడం నయం, కనీసం అప్పుడు మామూలుగా గుణించి సరైన జవాబు రాస్తాడు. మాస్టారి మాటలో నేను తీసుకున్నది ఒకటుంది: మూడో తరగతి పిల్లల కోసం చేస్తే 23తో మొదలుపెట్టవచ్చు, కాని 64 అదే వీడియోలో, అదే తెర మీద రావాలి.

ఇలాంటి చిట్కాలకు ‘వేదగణితం’ అన్న శీర్షిక పెట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఆ పేరు వ్యాప్తిలోకి వచ్చింది పూరీ గోవర్ధన మఠం శంకరాచార్యులుగా ఉండిన భారతీకృష్ణ తీర్థ పుస్తకం వల్ల, అది ఆయన పోయాక 1965లో అచ్చయింది. 11 లెక్కకు అంత బరువైన పేరు అక్కర్లేదని నా అభిప్రాయం. గుణకాన్ని ముక్కలుగా విడదీసి వేరువేరుగా గుణించి కలపడాన్ని భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలోనే 135 × 12 ఉదాహరణగా మామూలు పద్ధతులలో ఒకటిగా చెప్పాడు. 11ను 10, 1గా విడదీయడం కూడా అంతే. మహిమ అని శీర్షిక పెడితే పిల్లలు ‘ఎందుకు’ అని అడగరు, అదే నాకున్న ఇబ్బంది.

ఎందుకు అని అడిగిన పిల్లలకు దొరికేదేమిటో 12 దగ్గర తెలుస్తుంది. రెండు వరుసల బొమ్మ చూసినవాళ్లకు 64 × 12 ఇచ్చి ఏమీ చెప్పకుండా వదిలేస్తే, మొదటి వరుసలో 64కు బదులు 128 ఉంటుందని, అంటే ప్రతి అంకెనూ రెట్టించి కుడిపక్క అంకెను కలపాలని కొందరు తామే పట్టుకుంటారు. 4ను రెట్టిస్తే 8, 6ను రెట్టిస్తే 12, దానికి 4 కలిపితే 16, 6 వేసి 1 చేతిలో, చివరి 6కు ఆ 1 కలిపితే 7, జవాబు 768. అంకెలను అటూ ఇటూ జరపడం మాత్రమే చూసినవాళ్లకు 12 దగ్గర జరపడానికి ఏమీ ఉండదు.

నా షార్టు చివరి ఆరు సెకన్లలో 91 × 11 అన్న ప్రశ్న జవాబు లేకుండా నిలుస్తుంది, నిలువుల మీద ఈసారి 1000 అన్న ఖాళీ గడి కూడా కనిపిస్తుంది. 90 వరకు ఏ రెండంకెల సంఖ్యకైనా జవాబు మూడంకెలలోనే ఉంటుంది, నాలుగో అంకె మొదలయ్యేది 91 దగ్గర: 1 దిగుతుంది, 9 + 1 పది, 0 వేసి 1 చేతిలో, మళ్లీ 9 + 1 పది, జవాబు 1001. చేతిలోని 1 మరిచినవాడు 901 రాస్తాడు, కాని 91 పదిరెట్లు 910 అని సరిచూసుకుంటే తనకే తెలుస్తుంది.

మూడంకెల సంఖ్యలను ఇదే వీడియోలో ఇరికించమని అడిగేవాళ్లున్నారు. అది కుదరదు. 487 × 11లో 7 దిగుతుంది, 8 + 7 పదిహేను, 5 వేసి 1, 4 + 8కి ఆ 1 కలిపితే పదమూడు, 3 వేసి 1, 4కు 1 కలిపితే 5, జవాబు 5357. ఇక్కడ చేతిలో 1 రెండుసార్లు కదులుతుంది, రెండోసారి కూడికలో మూడు అంకెలుంటాయి, తప్పు జరిగేది సరిగ్గా అక్కడే. మూడంకెల సంఖ్యలు 900 ఉంటే, చేతిలో ఏమీ లేకుండా సాగేవి 330 మాత్రమే, కాబట్టి ఇక్కడ మోసుకెళ్లే లెక్కలే ఎక్కువ. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి షార్టుల నిడివిని మూడు నిమిషాల దాకా పెంచింది. 487కు అందులో రెండు నిమిషాలు తీసుకుని, పదుల నిలువుకూ వందల నిలువుకూ తలా అరనిమిషం ఇచ్చి, వేరే వీడియోగానే చేస్తున్నాను.